ఫోనులో కనిపించే నిల్వ వేరు, మీరు ఖర్చు పెట్టగల నిల్వ వేరు

ప్రశ్న: మా అపార్ట్‌మెంటు సంఘానికి నేను కోశాధికారిని. నవంబరు 30న ఫోనులో చూస్తే సంఘం ఖాతాలో 59,882 రూపాయల 30 పైసలు ఉన్నాయి. ఆ ధైర్యంతో మర్నాడు బోరు మోటారు మార్చినవారికి 40,000 రూపాయల చెక్కు ఇచ్చాను. అది ఆ రోజే పాసయింది. డిసెంబరు 3న నీళ్ల ట్యాంకర్ల యజమాని వేసిన చెక్కు మాత్రం ఖాతాలో డబ్బు చాలక తిరిగొచ్చింది. అది నవంబరు 10న ఇచ్చిన 22,750 రూపాయల చెక్కు. ఎప్పుడో పాసైపోయి ఉంటుందనుకున్నాను. ఇచ్చిన చెక్కు ఎవరు ఎప్పుడు బ్యాంకులో వేస్తారో మన చేతిలో లేనప్పుడు, ఖాతాలో నిజంగా ఎంత ఉందో ఎలా తెలుసుకోవాలి? సంఘం పద్దుల పుస్తకమూ, నవంబరు నెల స్టేట్‌మెంటూ పంపుతున్నాను.
– ఒక కోశాధికారి, విజయవాడ

జవాబు: ముందు ట్యాంకర్ల యజమాని సంగతి తేల్చండి, పుస్తకం సంగతి తరువాత చూద్దాం. ఈ రోజే ఆయనకు ఫోను చేయండి. 22,750 రూపాయలతో పాటు, చెక్కు తిరిగొచ్చినందుకు ఆయన బ్యాంకు ఆయన దగ్గర వసూలు చేసిన రుసుము కూడా కలిపి పంపండి. పంపిన వెంటనే ఆ చెక్కు కాగితాన్ని వెనక్కి తీసుకోండి. చాలామంది డబ్బు పంపేసి, కాగితం సంగతి వదిలేస్తారు. చెక్కు దాని మీద వేసిన తేదీ నుంచి మూడు నెలలు చెల్లుతుంది. కాబట్టి అది ఆయన దగ్గరే ఉంటే ఫిబ్రవరి మొదటి వారంలో కూడా మళ్లీ బ్యాంకులో వేయవచ్చు. కావాలనే వేయనక్కరలేదు, ఆయన గుమాస్తా సొరుగులో చూసి వేసినా డబ్బు పోతుంది.

ఆలస్యం ఎందుకు చేయకూడదో కూడా చెబుతాను. చెక్కు తిరిగొచ్చిందని తెలిసిన నాటి నుంచి 30 రోజుల లోపు ఆయన మీకు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వవచ్చు. అది అందిన 15 రోజుల్లో మీరు చెల్లించకపోతే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షను కింద కేసు వేయవచ్చు. ఆ చట్టం కంపెనీలకే కాదు, సంఘాలకూ వర్తిస్తుంది. సంతకం పెట్టినవారు కోర్టులో జవాబు చెప్పుకోవలసి వస్తుంది. మీ విషయంలో అంత దూరం పోదు, ఇవాళ డబ్బు పంపితే చాలు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. నవంబరు 30న మీ ఫోను చూపిన అంకె తప్పు కాదు. బ్యాంకుకు తెలిసినంతవరకు ఆ ఖాతాలో అంత డబ్బు ఉంది. మీరు ట్యాంకర్ల యజమానికి చెక్కు ఇచ్చిన సంగతి, ఆయన దాన్ని తన బ్యాంకులో వేసి, అది మీ బ్యాంకు దగ్గరికి వచ్చేదాకా మీ బ్యాంకుకు తెలియదు. తెలిసే దారి కూడా లేదు. తెలిసినవారు మీరొక్కరే. కాబట్టి ఆ లెక్క ఉంచవలసిన చోటు ఫోను కాదు, మీ పుస్తకం.

ఇదివరకు ఇటువంటి పొరపాటుకు కాస్త వెసులుబాటు ఉండేది. సాయంత్రం వేసిన చెక్కు క్లియరింగుకు వెళ్లి మీ ఖాతాలో తగ్గడానికి ఒకటి రెండు పనిదినాలు పట్టేది. ఈలోగా ఎవరైనా మెయింటెనెన్స్ డబ్బు కడితే చెక్కు గట్టెక్కేది. 2025 అక్టోబరు 4 నుంచి ఆ పద్ధతి మారింది. చెక్కుల బొమ్మలు పగటిపూట ఎప్పటికప్పుడు చెల్లించవలసిన బ్యాంకుకు వెళుతూనే ఉంటాయి. ఆ బ్యాంకు రాత్రి 7 గంటల్లోగా ‘ఇస్తాను’ అనో ‘ఇవ్వను’ అనో చెప్పాలి. పుచ్చుకున్నవారు చెక్కును ఇరవై రోజులు తమ దగ్గర ఉంచుకున్నా, వేసిన రోజున మాత్రం గంటల్లో డబ్బు వెళ్లిపోతుంది. మోటారు చెక్కు అదే రోజు పాసవడానికి కారణం ఇదే. రేపు కట్టేస్తాను కదా అని ఇవాళ చెక్కు రాసే అలవాటు ఉన్నవారు దాన్ని పూర్తిగా మానుకోవాలి.

పద్ధతి ఇది: చెక్కు మీద సంతకం చేసి ఎదుటివారి చేతిలో పెట్టిన రోజే ఆ డబ్బు పోయినట్టు రాయండి. బ్యాంకులో ఎప్పుడు పాసయిందన్నది మరో గడిలో రాసుకునే విషయం, దానికీ నిల్వకూ సంబంధం లేదు. పుస్తకంలో తేదీ, చెక్కు నంబరు, ఎవరికి, చెల్లింపు, జమ, నిల్వ అన్న గడులు ఎలాగూ ఉంటాయి. చివర ‘బ్యాంకు తేదీ’ అన్న గడి ఒకటి చేర్చండి. అది ఖాళీగా ఉన్న ప్రతి చెల్లింపూ ఇంకా బయట తిరుగుతున్న చెక్కే. కొందరు అక్కడ టిక్కు మాత్రమే పెడతారు. నా మాట విని తేదీ రాయండి. నాలుగు నెలలు గడిచాక ఎవరు చెక్కు అందిన మర్నాడే వేస్తారో, ఎవరు నెల దాకా దాచుకుంటారో ఆ గడి చూస్తేనే తెలుస్తుంది.

జమల విషయంలో మాత్రం దీనికి ఎదురుగా నడవమంటాను. మీకు ఎవరైనా చెక్కు ఇస్తే, అది మీ ఖాతాలో పడ్డాకే నిల్వకు కలపండి. వాణిజ్యశాస్త్రం పుస్తకాలు అలా చెప్పవు. బ్యాంకులో వేసిన రోజే జమ రాసి, నెలాఖరున పుస్తకం నిల్వనూ బ్యాంకు నిల్వనూ సరిపోల్చే సమన్వయ పట్టికలో సవరించమంటాయి. ఆడిటరుకు మార్చి 31 నాటి లెక్క ఇచ్చేటప్పుడు ఆ పద్ధతే పాటించాలి. కానీ ఈ పూట ఇంకో చెక్కు రాయవచ్చా లేదా అని తేల్చుకునే మనిషికి, ఇచ్చినది వెంటనే తీసేసి, వచ్చేది చేతికి అందాకే కలుపుకునే పుస్తకమే మేలు. తప్పు జరిగినా అది ఖాతాలో కొంత డబ్బు మిగిలే వైపే జరుగుతుంది.

మీ నవంబరు నెల ఈ పద్ధతిలో రాసి ఉంటే పేజీ ఇలా ఉండేది. నెల మొదట అన్ని చెక్కులూ పాసై, నిల్వ 86,400 రూపాయలు ఉంది.

| తేదీ | చెక్కు | వివరం | చెల్లింపు | జమ | నిల్వ | బ్యాంకు తేదీ |
|---|---|---|---|---|---|---|
| 1 | | ముందు నిల్వ | | | 86,400 | |
| 3 | 214 | లిఫ్టు మరమ్మతు | 18,500 | | 67,900 | 4 |
| 5 | | మెయింటెనెన్స్ వసూలు | | 42,000 | 1,09,900 | 5 |
| 7 | 215 | వాచ్‌మన్ జీతం | 14,000 | | 95,900 | 10 |
| 10 | 216 | నీళ్ల ట్యాంకర్లు | 22,750 | | 73,150 | |
| 18 | 217 | మేడమీద లీకేజీ పని | 36,000 | | 37,150 | 19 |
| 28 | 218 | పారిశుధ్యం | 9,000 | | 28,150 | |
| 29 | | ఒక ఫ్లాటువారి చెక్కు, 6,000 | | | 28,150 | |

చివరి వరుస చూడండి. శనివారం సాయంత్రం పెట్టెలో వేసిన 6,000 రూపాయల చెక్కు వివరంలో ఉంది గానీ జమ గడిలో లేదు. డిసెంబరు 1న అది ఖాతాలో పడ్డాక జమ గడిలోకి వెళుతుంది.

ఇక నెలాఖరు పరీక్ష. ఫోను 59,882.30 చూపుతోంది. పుస్తకంలో బ్యాంకు తేదీ ఖాళీగా ఉన్న చెల్లింపులు రెండు: 216వ నంబరుది 22,750, 218వ నంబరుది 9,000. కలిపితే 31,750. దీన్ని ఫోను చూపిన నిల్వలోంచి తీసేస్తే 28,132.30 వస్తుంది. పుస్తకంలో 28,150 ఉంది. తేడా 17 రూపాయల 70 పైసలు. స్టేట్‌మెంటు తెరిస్తే అది ఎస్ఎంఎస్ రుసుము, 15 రూపాయలూ దాని మీద 18 శాతం జీఎస్టీ. బ్యాంకు తీసుకున్నది మీకు చెప్పకుండా తీసుకుంది కాబట్టి మీ పుస్తకంలో లేదు. దాన్ని చెల్లింపుగా రాయండి. ఇప్పుడు రెండు లెక్కలూ పైసాతో సహా ఒకటే.

అంటే డిసెంబరు 1 ఉదయం మీరు ఖర్చు పెట్టగలిగిన డబ్బు 59 వేలు కాదు, 28 వేల పైచిలుకు. ఆ రోజు పడిన 6,000 కలిపినా 34,132.30. మోటారువారికి 40,000 చెక్కు రాయబోతే పుస్తకం 5,867.70 తక్కువ పడుతుందని అక్కడే చెప్పేది. 218వ చెక్కు ముందు పాసయి ఉంటుంది, అందుకే 216కు సరిపడా డబ్బు మిగల్లేదు. సగం ఇప్పుడిచ్చి, డిసెంబరు మెయింటెనెన్స్ వసూలయ్యాక మిగిలింది ఇస్తామంటే మోటారు దుకాణంవారు కాదనేవారు కాదు. ఆ మాట అడిగే అవకాశమే మీకు లేకుండా పోయింది. నాకు బాధ కలిగించేది అదే. సంఘం దగ్గర డబ్బు లేక చెక్కు తిరిగి రాలేదు, రెండు వారాల తేడాతో ఆ డబ్బు వచ్చేదే.

ఆ 17.70 లాంటి చిన్న తేడాను వదిలేయమని కొందరు సలహా ఇస్తారు. వదలకండి. చిన్న తేడా ఒక్కోసారి రెండు పెద్ద తప్పులు ఒకదాన్నొకటి కప్పుకుని మిగిలినది. తేడా ఎక్కడుందో దొరక్కపోతే రెండు పనులు చేసి చూడండి. తేడాను తొమ్మిదితో భాగించండి. నిశ్శేషంగా పోతే ఎక్కడో రెండు అంకెలు తారుమారయ్యాయేమో వెతకాలి. 22,750ని 27,250 అని రాస్తే తేడా 4,500 వస్తుంది, అది తొమ్మిదికి లొంగుతుంది. అక్కడ తేలకపోతే తేడాలో సగం ఎంతో చూసి, సరిగ్గా అంత మొత్తం గల పద్దు ఉందేమో వెతకండి. ఉంటే అది జమకు బదులు చెల్లింపులోనో, చెల్లింపుకు బదులు జమలోనో పడి ఉంటుంది.

ఇప్పుడు తిరిగొచ్చిన ఆ 216వ చెక్కును పుస్తకంలో ఏం చేయాలన్నది అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. మీరు అడగలేదు గానీ, ఎక్కువమంది ఇక్కడే రెండోసారి దెబ్బ తింటారు. చెక్కు తిరిగొచ్చింది కాబట్టి 22,750 మళ్లీ మనదే అని నిల్వకు కలిపేస్తారు. కాగితం ఎదుటివారి దగ్గర ఉన్నంతకాలం కలపకూడదు. ఆయన మళ్లీ వేస్తే పోయే డబ్బు అది. ఆయనకు బ్యాంకు ద్వారా డబ్బు పంపి, చెక్కు చేతికి వచ్చాక, ఆ రోజు తేదీతో ‘216 రద్దు’ అని జమ వైపు 22,750 రాయండి. పాత 216 వరుసలో ఖాళీగా ఉన్న బ్యాంకు తేదీ గడిలో ‘రద్దు’ అని వేయండి, లేకపోతే అది ఇంకా బయట ఉన్న చెక్కుగానే లెక్కకు వస్తుంది. పంపిన సొమ్మును బ్యాంకు తేదీతో సహా కొత్త చెల్లింపుగా రాయండి. డబ్బు పంపిన రోజుకూ కాగితం వచ్చిన రోజుకూ మధ్య రెండూ పుస్తకంలో చెల్లింపులుగానే కనిపిస్తాయి, నిల్వ తక్కువగా కనిపిస్తుంది. కనిపించనివ్వండి. చెక్కు తిరిగొచ్చినందుకు మీ బ్యాంకు మీ ఖాతాలో కోసుకున్న రుసుము మరో చెల్లింపు. పాత వరుసను కొట్టేసి దిద్దవద్దు, ఏం జరిగిందో పుస్తకం చూసినవారికి వరుసగా తెలియాలి.

ఈ విషయంలో నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగం మొదట్లో ఒక పాఠశాల లెక్కలు రాసేవాణ్ణి. బల్లలు చేసిన వడ్రంగి తన చెక్కు పోయిందని కబురు చేశాడు. నేను అతనికి నగదు ఇప్పించి, ఆ చెక్కు మొత్తాన్ని నిల్వకు కలిపేశాను. బ్యాంకుకు చెల్లింపు ఆపమని ఉత్తరం రాయలేదు. పోయినది ఎక్కడికి వస్తుందిలే అనుకున్నాను. ఇల్లు మారేటప్పుడు గోడకున్న క్యాలెండరు వెనక అతని భార్యకు ఆ చెక్కు దొరికింది. గడువు ఇంకా ఉంది. ఆమెకు నగదు సంగతి తెలియదు, బ్యాంకులో వేసింది. అది పాసయింది, దాని వెనకే ఉపాధ్యాయుల జీతాల చెక్కుల్లో ఒకటి తిరిగొచ్చింది. వడ్రంగి నిజాయితీపరుడు, తెలిసిన రోజే డబ్బు తెచ్చి ఇచ్చాడు. కానీ జీతం అందని ఆ ఉపాధ్యాయుడి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

కాబట్టి బయట ఉన్న చెక్కును తిరిగి నిల్వకు కలపడానికి మూడే సందర్భాలు ఉన్నాయి. కాగితం మీ చేతికి తిరిగి రావాలి. లేదా చెల్లింపు ఆపమని మీరు పెట్టిన అర్జీ నమోదైనట్టు బ్యాంకు నుంచి జవాబు రావాలి. లేదా చెక్కు తేదీ నుంచి మూడు నెలలు దాటిపోవాలి. ఈ మూడోదాంట్లో ఒక మెలిక ఉంది. గడువు చెల్లేది కాగితానికి మాత్రమే, బాకీకి కాదు. పారిశుధ్య కార్మికులు తమ చెక్కు వేయడం మరచిపోయి నాలుగో నెలలో వచ్చి అడిగితే కొత్తది ఇవ్వవలసిందే. నిల్వకు కలిపినా, పుస్తకం చివరి పేజీలో ‘ఇవ్వవలసినవి’ అని వారి పేరు రాసి ఉంచండి. అసలు ఏ చెక్కుకయినా నెలాఖరుకు బ్యాంకు తేదీ గడి నిండకపోతే, పుచ్చుకున్నవారికి ఒకసారి ఫోను చేసి వేశారా అని అడగండి. ట్యాంకర్ల యజమానిని నవంబరు 30న అడిగి ఉంటే, జేబులోనే ఉందండీ అని చెప్పేవారు.

ముందు తేదీ వేసి ఇచ్చే చెక్కులకూ ఇదే పద్ధతి. జనవరి 15 తేదీ వేసి డిసెంబరు 20న ఇచ్చినా, ఇచ్చిన రోజే నిల్వలోంచి తీసేయండి. ఆ డబ్బు ఆ రోజుకు ఇంకా రాలేదు కదా అని మీకు అనిపిస్తే, ఆ చెక్కు ఇవ్వడానికి ఇంకా సమయం రాలేదని అర్థం.

పుస్తకానికి బదులు కంప్యూటర్లో రాసుకుంటానంటే అభ్యంతరం లేదు. పైన చూపిన ఏడు గడులనూ వరుసగా A నుంచి G వరకు పెట్టి, మొదటి వరుసలో పేర్లు, రెండో వరుసలో ముందు నిల్వ రాయండి. మూడో వరుస నిల్వ గడిలో మొదటి సూత్రం రాసి కిందికి లాగండి. రెండోది ఏదో ఒక ఖాళీ గడిలో రాస్తే ఇంకా పాసవని చెక్కుల మొత్తం చూపిస్తుంది.

```
=F2-D3+E3
=SUMIFS(D3:D500,G3:G500,"")
```

ఫోనులోని నిల్వలోంచి ఈ రెండో అంకె తీసేస్తే F గడిలోని చివరి నిల్వ రావాలి. ఎస్ఎంఎస్ రుసుము లాంటివి బ్యాంకే తీసుకున్నవి కాబట్టి, వాటిని రాసేటప్పుడే G గడిలో తేదీ వేసేయండి. లేకపోతే అవి కూడా బయట ఉన్న చెక్కుల్లో కలిసిపోతాయి.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, ఒక ఆదివారం ఉదయం చెక్కులు చించాక చెక్కుపుస్తకంలో మిగిలిన మొండాలూ, గత మూడు నెలల స్టేట్‌మెంటూ ముందు పెట్టుకోండి. మూడు నెలలు చాలు, అంతకు ముందు తేదీ వేసిన చెక్కు ఇప్పుడు ఎవరు వేసినా బ్యాంకు చెల్లించదు. ఒక్కో మొండెం మీది నంబరు స్టేట్‌మెంటులో ఉందేమో చూసి, ఉంటే పాసైన తేదీని మొండెం మీదే పెన్సిలుతో రాయండి. నంబర్లు వరుస తప్పకూడదు. తప్పుగా రాసి చించేసిన చెక్కుకు కూడా ‘రద్దు’ అని రాసిన మొండెం ఉండాలి. ఒక నంబరు స్టేట్‌మెంటులోనూ లేక, మొండెం మీద కూడా ఏమీ రాసి లేకపోతే ఆ చెక్కు ఎక్కడుందో తేలేదాకా లేవకండి. పెన్సిలు తేదీ పడని మొండాల మొత్తాన్ని ఆ రోజు ఫోను చూపే నిల్వలోంచి తీసేయండి. వచ్చిన అంకెను కొత్త పేజీ మొదటి వరుసలో ‘ముందు నిల్వ’ అని రాయండి. తేదీ పడని ఆ చెక్కుల నంబర్లనూ మొత్తాలనూ దాని కిందే, నిల్వ గడి ముట్టకుండా, చిన్న జాబితాగా వేసుకోండి. అవి పాసవుతున్నకొద్దీ ఒక్కొక్కదాని పక్కన తేదీ వేస్తూ వెళ్లండి. కంప్యూటర్లో ఈ జాబితాను వేరే షీటులో ఉంచి, నెలాఖరు పరీక్షలో ఇంకా తేదీ పడనివాటిని రెండో సూత్రం చూపిన మొత్తానికి కలుపుకోండి.